రాలిపోయిన ప్రశ్నగుర్తు

ఆ మాట ఇక్కడ రాయను. రాస్తే, పక్కన నేనెంత జాగ్రత్తగా మాట్లాడినా, రేపు ఎవరో ఒకరు ఈ వ్యాసాన్నే సాక్ష్యంగా చూపించి దానికొక అర్థం అంటగడతారు. అలా అంటగట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అందుకే ఈ జాగ్రత్త.

కలకత్తాలో ఒక విశ్వవిద్యాలయంలో ద్రావిడ భాషలను పోల్చి చూసే విద్య నేర్పడం నా ఉద్యోగం. నా దగ్గర పరిశోధన చేసిన ఒక అమ్మాయి హౌరా పక్క మునిసిపల్ క్వార్టర్లలో పుట్టింది. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి మురికి కాలువలు శుభ్రం చేసే పనిలో చేరాడు. తండ్రి కూడా అదే పనిలో రిటైరయ్యాడు. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది గానీ, చదవడం మాత్రం బీఏ అయ్యాక పట్టుదలగా నేర్చుకుంది. పాత తెలుగు శాసనాల్లో వృత్తుల పేర్లు ఆమె తీసుకున్న విషయం.

ఒక శాసనంలో చెరువు కింద భూమిలో ఎవరెవరికి ఎంతెంత వాటానో వరుసగా ఉంది. కుమ్మరి, చాకలి, కమ్మరి, ఇంకా కొందరు. అందరికంటే చివర ఒక పేరు. ఆ పేరు ఇంకే శాసనంలోనూ లేదు, ఏ కావ్యంలోనూ లేదు, ఏ ఊళ్ళోనూ ఇప్పుడెవరూ అనరు. తెలుగు మొత్తంలో అది ఒక్కచోటే కనిపించింది. రాతి మీద తడికాగితం అద్ది తీసిన నకలును ఇద్దరం భూతద్దం పెట్టి చూశాం. అక్షరాలు శుభ్రంగా ఉన్నాయి. చదవడంలో తేడా లేదు. అర్థమే తెలియదు.

ఒకరోజు ఆమె నా బల్ల మీద మూడు చీటీలు పరిచింది.

"ముగ్గురు సాక్షులు సార్. ముగ్గురూ పాకీపనివాడు అనే అంటున్నారు."

"అయితే ఇంకేం? ముగ్గురు చెబితే చాలదా?"

"ముగ్గురూ వేరువేరుగా చెబితే చాలును. వీళ్ళు ఒకరి నోట్లోంచి ఒకరు మాట్లాడుతున్నారు."

మొదటిది శాసనాన్ని మొదట అచ్చువేసిన సంపాదకుడి పట్టిక. ఆయన 'పాకీపనివాడు' అని రాసి పక్కన ప్రశ్నగుర్తు పెట్టాడు. కింద కారణం కూడా చెప్పాడు: జాబితాలో చివర ఉన్నాడు గనక అందరికంటే తక్కువవాడై ఉంటాడట. అదీ ఆధారం! కులం మెట్ల వరుసను రాతి మీద చూసేశాడు మహానుభావుడు. అయినా ప్రశ్నగుర్తు పెట్టే నిజాయితీ ఆయనకుంది. రెండోది శాసనపదాల నిఘంటువు. ఆయన ఇచ్చిన అర్థాన్ని దించుకుంది, ప్రశ్నగుర్తును వదిలేసింది. మూడో చీటీని ఆమె కాసేపు అరచేత్తో కప్పి ఉంచింది.

"అది ఎవరిది?"

"మీదే సార్."

పదేళ్ళ కిందట ఒక పత్రికలో నేను రాసిన వ్యాసం. కులవ్యవస్థ క్రూరత్వం మీద నిప్పులు చెరుగుతూ, ఆ నిఘంటువు చూసి, 'ఊరి మలమెత్తే మనిషికి రాతి మీద కూడా చివరి చోటే' అని రాశాను. సభల్లో ఆ వాక్యానికి చప్పట్లు కొట్టారు. శాస్త్రం ఎక్కడ చెప్పింది చూపించమని పురోహితులను నిలదీసేవాణ్ణి. నన్ను మాత్రం ఎవరూ నిలదీయలేదు. నిఘంటువులో ఉంది కదా అని నమ్మాను. వాళ్ళకు శాస్త్రం, నాకు నిఘంటువు. తేడా ఏమిటో ఆ పూట నాకు కనబడలేదు.

"నాలాంటివాళ్ళం ఆ వ్యాసం చదివి ఏడ్చాం సార్," అంది, కోపం లేకుండానే. "మా నాన్నకి చదివి వినిపించాను కూడా."

ఆమెకు కావలసిందేమిటో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఆ మాట మీద పడిన మురికి పోవాలి. పోయినట్టు తన సిద్ధాంతగ్రంథంలో రుజువుతో ఉండాలి. నాకూ అదే కావాలి. అక్కడే ప్రమాదం. కావాలనుకున్నది దొరికితే దాన్ని తిరగేసి చూసే ఓపిక మనిషికి తగ్గిపోతుంది.

ఒక్కచోటే దొరికిన మాటకు అర్థం వెతకాలంటే ముందు దాని చుట్టూ ఉన్న మాటలు చూడాలి. తరవాత చుట్టాల ఇళ్ళ తలుపులు తట్టాలి. తమిళం, కన్నడం, గోండీ, కువి, ఇటు ఉత్తరాన కురుఖ్. వినడానికి ఒకేలా ఉంటే చాలదు. ధ్వనులు ఒక పద్ధతిలో మారతాయి. మన 'కన్ను' కురుఖ్‌లో 'ఖన్'. మనం 'కోయు' అంటే వాళ్ళు పంట కోతకు 'ఖొయ్' అంటారు. ఆ ఖ మన ఖ కాదు, గొంతు వెనక గీరుకుంటూ వచ్చేది. మన మాటల మొదట క ఉన్నచోట వాళ్ళకు ఆ ఖ రావాలి. ఇకారం ముందు మాత్రం క అలాగే నిలుస్తుంది. ఇలాంటి పద్ధతికి ఒదిగితేనే చుట్టరికం. ఒదగకపోతే కాకతాళీయం, లేదా అరువు.

తమిళ కన్నడాలు నోరు విప్పలేదు. గోండీ, కువిల్లోనూ ఏమీ లేదు. మూడు నెలలు గడిచాక ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది. గ్రంథాలయంలో పాత కురుఖ్ పదాల పట్టికలో దాదాపు అదే రూపం. అర్థం: నీటిని మళ్ళించడం.

"చెరువు కింద భూమి సార్! వాటాల జాబితా! చివర ఎవరుంటారు? నీరు వదిలేవాడు. కాలువ కాపలా!"

నాకూ ఒళ్ళు పులకరించింది. చుట్టూ ఉన్న మాటలకు అతికినట్టు సరిపోతోంది. అప్పుడు పట్టిక మళ్ళీ చూశాను. అందులో ఆ మాట మామూలు 'క'తో ఉంది. ఆ క తరవాత ఉన్నది అకారం, ఇకారం కాదు. ఖ ఉండాలి.

"పట్టిక రాసినవాడికి ఆ ఖ వినపడి ఉండదు సార్."

"మిగతా మాటలన్నిటిలో వినపడింది. దీంట్లోనే చెవుడా?"

"మీకు ఎప్పుడూ తప్పులే కనిపిస్తాయి."

"పోనీ, మాట్లాడేవాళ్ళనే అడుగుదాం."

భవానీపూర్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేసే నర్సు ఇంట్లో కురుఖ్ మాట్లాడుతుంది. మధ్యాహ్నం డ్యూటీ దిగాక, ఎదుటి టీకొట్టు దగ్గర మాకోసం ఆగింది. నా విద్యార్థిని బెంగాలీలో మొదలుపెట్టింది. ఆ మాట ముందు తను పలికి వినిపించలేదు. అలా చేస్తే ఎదుటివాళ్ళు మన ఉచ్చారణనే తిరిగి ఇస్తారు.

"దీదీ, మీ ఊళ్ళో పంట కోయడాన్ని ఏమంటారు?"

నర్సు చెప్పింది. గొంతులోంచి గీరుకుంటూ ఖ వచ్చింది.

"కన్ను?" మళ్ళీ ఖ.

"పొలంలోకి నీళ్ళు మళ్ళించడం?"

నర్సు చెప్పింది. మేము వెతుకుతున్న మాటే. మామూలు క. సందేహం లేదు. అమ్మాయి ముఖం చూడలేక నేను టీ గ్లాసు చూస్తూ కూర్చున్నాను.

నర్సు నవ్వింది. "అది సంతలో మాట దీదీ. సాద్రీ వాళ్ళది. మా నాయనమ్మ అలా అంటే ఒప్పుకునేది కాదు. ఇంట్లో దానికి వేరే మాట ఉంది." ఆ వేరే మాట కూడా చెప్పింది. దానికీ శాసనంలోని మాటకూ ఏ సంబంధమూ లేదు.

సాద్రీ కురుఖ్ వాళ్ళుండే ఆదివాసీ ప్రాంతాల్లో అందరూ వాడే ఆర్యభాష. అంటే కురుఖ్‌కు ఆ మాట పుట్టుకతో వచ్చింది కాదు, ఇరుగుపొరుగు నుంచి అరువు. అరువు మాట మన పాత రాయికి చుట్టంగా సాక్ష్యం చెప్పలేదు. అంతే. మూడు నెలల పని ఒక్క టీతో పోయింది.

మెట్రోలో ఆమె అంది: "ప్రశ్నగుర్తు పెట్టి రాస్తాను సార్. 'నీటి కాపరి' పక్కన ప్రశ్నగుర్తు. అబద్ధం కాదు కదా?"

"మొదటి సంపాదకుడు కూడా అదే పెట్టాడమ్మా."

తరవాతి స్టేషన్ రాగానే ఆమె దిగిపోయింది.

నాకు ఎంత చిరాకుగా ఉందో చెప్పలేను. ఆమె మీద కాదు, ఈ విద్య మీద. తప్పును పగలగొట్టడానికి బలం ఇస్తుంది, దాని స్థానంలో పెట్టడానికి మాత్రం చేతిలో ఏమీ పెట్టదు. మురికి పోయింది సరే, కింద ఏముందో తెలియదు. నా వ్యాసం తప్పని పత్రికకు ఉత్తరం రాశాను. పదేళ్ళ పాతది, ఇప్పుడెవరికి గుర్తుంటుంది అని జవాబు వచ్చింది. గుర్తున్న ఇల్లు ఒకటి హౌరాలో ఉందని వాళ్ళకెలా చెప్పను?

ఆ వారమే ఆమె తండ్రి నన్ను ఇంటికి పిలిచారు. ఆయన క్వార్టర్ల తెలుగు సంఘానికి కార్యదర్శి. మంచం మీద సంఘం వార్షికోత్సవం కరపత్రాలు కట్టగా ఉన్నాయి. పైదాని మీద పెద్ద అక్షరాలతో ఆ మాట, దాని కింద 'నీటి కాపరులైన మన పూర్వీకులు. శాసన సాక్ష్యం'. ప్రశ్నగుర్తు లేదు.

"ఇదేమిటండీ?" అన్నాను. గొంతు లేచింది. "మీ అమ్మాయి ఇలా చెప్పిందా?"

"కాలవకాడ నీళ్ళోళ్ళు అయ్యుంటారు నాన్నా అంది. అయ్యుంటారు అంటే అయినట్టే గదా సారూ."

"కాదు నాన్నా," అంది అమ్మాయి వంటగది గుమ్మంలోంచి. "అయ్యుంటారు అంటే ఇంకా తెలీదని."

"మరైతే దానర్థం ఏటి?"

"తెలీదు."

"నాలుగేళ్ళు సదివి తెలీదని రాస్తావేటి పిల్లా? దానికి నీకు డాక్టర్ అని పేరెట్టేస్తారా?"

"ఆళ్ళు చెప్పింది తప్పని రాస్తాను. ఎందుకు తప్పో రాస్తాను. నిజమేటో తెలీదని కూడా రాస్తాను."

"ఆ రాయిమీదున్నోళ్ళు మీ పూర్వీకులే అనడానికి కూడా ఆధారం లేదండీ," అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"సారూ, తమరు పాకీవోళ్ళని రాసినప్పుడు ఆధారం అడిగారా?"

అడగలేదనే చెప్పాను. ఆయన తల పంకించి, చొక్కా జేబులోంచి పెన్ను తీశారు.

"పోనీ పక్కన ప్రశ్నగుర్తు ఎట్టేద్దామా?"

"వద్దు నాన్నా. ఆ గుర్తు నిలవదు, రాలిపోద్ది. మొత్తం లైను కొట్టెయ్."

ఆయన కోపంగానే మొదటి కాగితం మీద ఆ లైను కొట్టేశారు. అడ్డంగా ఒకసారి, మళ్ళీ ఇంకోసారి, అక్షరం కనపడనంత గట్టిగా. అమ్మాయి కట్టలో సగం తీసి నా ఒళ్ళో పెట్టింది. నా పెన్ను ఇంకు మధ్యలో అయిపోయింది. ఇంకో పెన్ను అడిగితే ఆయన ముఖం తిప్పకుండానే ఇచ్చారు. ముగ్గురం కొట్టేస్తూ కూర్చున్నాం. మధ్యలో ఒకసారి ఆయన, ఎవరితోనో కాదు తనతోనే, "తెలీదంట" అన్నారు.