వాక్యం పక్కన తన మాట

ఎనభైల చివర్లో నేను రోజూ రేపల్లెలో ప్యాసింజరు రైలెక్కి తెనాలి వెళ్లి, అక్కడి డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. పేపర్లు దిద్దడం ఎక్కువగా ఆ రైల్లోనే. కుదుపులకు నా టిక్కులు వంకరపోయేవి గానీ నా నోటి దురుసు మాత్రం తగ్గేది కాదు. ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాలేదు, ముప్పయ్యేళ్ల సర్వీసున్న దానిలా విసుక్కునేదాన్ని.

ఆ ఏడు కొలకలూరు నుంచి వచ్చే ఒక అమ్మాయి తెలుగు పేపరులో తప్పింది. మిగతావన్నీ పాసే. అక్టోబరులో మళ్లీ రాసి గట్టెక్కితే డిగ్రీ చేతికొస్తుంది, డిగ్రీ ఉంటే బాపట్లలో బి.ఇడి.కి వెళ్లవచ్చు. ఈసారి కూడా తప్పితే ఇంట్లో ఇంకో ఏడాది చదివించే ఓపిక లేదు. వాళ్లది లూథరన్ క్రైస్తవ కుటుంబం, తల్లీ తండ్రీ ఇద్దరూ పొలం పనులకు వెళ్లేవాళ్లు. జూలైలో ఒకరోజు స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి, “నాకు వ్యాసమే పోయిందండి మేడం. వారానికొకటి రాసుకొస్తాను, దిద్దిపెడతారా అండి?” అని అడిగింది. సరేనన్నాను.

మొదటి వ్యాసం ‘శ్రమకు గౌరవం’ మీద. రైలు తెనాలి దాటగానే తీశాను. అక్షరాలు బాగున్నాయి, భాష బాగుంది. కానీ మూడు పేజీల్లో ఆరు కొటేషన్లు. ఒక పద్యపాదం, ఒక దేశనాయకుడి మాట, రెండు బైబిలు వాక్యాలు, మరో రెండు ఎవరివో. ఎవరన్నారో లేదు, ఎందుకు చెబుతోందో లేదు. పేరా నడుస్తూ నడుస్తూ ఉండగా ఒక కొటేషన్ వచ్చి పడుతుంది. దాని తర్వాతి వాక్యం దాన్ని చూడనట్టే ముందుకు వెళ్లిపోతుంది. ఎవరి తరఫు చుట్టాలో తెలియని వాళ్లు పెళ్లిలో ముందు వరసలో వచ్చి కూర్చున్నట్టుంది. నాకు ఒళ్లు మండింది. ఆరుచోట్లా మార్జిన్‌లో ‘సంబంధం?’ అని రాసి, ఇరవైకి ఆరు వేశాను.

మరుసటి వారం రెండో వ్యాసం తెచ్చింది. అదే విషయం, తిరగరాసింది. ఈసారి తొమ్మిది కొటేషన్లు.

“నీకు తెలుగు చదవడం వచ్చా?” అన్నాను, స్టాఫ్ రూములో నలుగురూ వింటుండగానే. “సంబంధం లేదని రాస్తే ఆరింటికి తొమ్మిది తెచ్చావేంటి?”

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. “అవి సరిపోలేదనుకున్నానండి. లైబ్రరీలో కూర్చుని ఇంకా పెద్దవాళ్లవి వెతికి తెచ్చానండి” అంది.

అప్పుడు గాని నాకు బుర్ర పనిచెయ్యలేదు. ‘సంబంధం?’ అని నేను రాసిన ఆ ఒక్క మాటా ఏం చెప్పింది? ఎందుకు రాశానో లేదు, ఏం చెయ్యాలో లేదు. ఆ పిల్ల కొటేషన్లను ఎలా పడేసిందో, నేనూ నా మాటను మార్జిన్‌లో అలాగే పడేశాను. పైగా అదే తప్పుకు ఆ పిల్లకు మార్కులు కోసింది నేను.

కుర్చీ లాగి కూర్చోమన్నాను. కనిపించని కష్టాన్ని గురించిన బైబిలు వాక్యం మీద వేలు పెట్టి, “దీన్ని ఇక్కడెందుకు పెట్టావో చెప్పు” అన్నాను, ఈసారి కోపం లేకుండా.

ఆ అమ్మాయి చెప్పింది. “మా అమ్మ నాట్లకెళ్తుందండి. నెల తిరిగేసరికి చేను పచ్చగా లేస్తుంది కదండి. దారినపోయేవాళ్లు చూసి, ఈ చేను ఎవరిదని అడుగుతారు. నాటిందెవరని ఒక్కళ్లూ అడగరండి. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు మా అమ్మ గుర్తొస్తుందండి. అందుకని పెట్టాను.”

మా పుట్టింటివాళ్ల పొలం నందివెలుగులో ఉంది. చిన్నప్పటి నుంచీ ఆ పచ్చదనం చూస్తూ పెరిగినదాన్ని. నాటిందెవరని నేనెప్పుడూ అడగలేదు. ఆ సంగతి ఆ అమ్మాయికి తెలియదు, నాకు మాత్రం లోపల చచ్చేంత సిగ్గేసింది.

“మరి ఇదంతా వ్యాసంలో రాయలేదేంటమ్మా?”

“వాక్యం పక్కన నా మాటేంటండి?” అంది, నేనేదో అడగకూడనిది అడిగినట్టు. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఎనిమిదో ఏట నుంచీ ఆదివారం చర్చిలో వాక్యం చదవడం తన వంతు. నిలబడి, స్పష్టంగా చదివి, కూర్చోవాలి. దాని అర్థం చెప్పడం పాస్టరుగారి పని. “చదివినవాళ్లే వివరించడం మొదలుపెడితే పెద్దరికం చేసినట్టు కాదా అండి?”

అదీ సంగతి. బద్ధకం కాదు, తెలివితక్కువతనం అంతకన్నా కాదు. అది మర్యాద. పెద్దల మాట వచ్చినచోట తను కూర్చుండిపోతోంది. రైల్లో ఎర్రసిరా కలం చేతపట్టుకుని ఎంత ఆలోచించినా ఇది నాకు తట్టేది కాదు.

“పరీక్షలో దిద్దేవాళ్లకు పాస్టరుగారు వచ్చి చెప్పరు కదా” అన్నాను. నవ్వింది. “నువ్వే చెప్పాలి. కొటేషన్‌కి ముందు అది ఎవరి మాటో, ఎందుకు తెస్తున్నావో చెప్పు. తర్వాత అది నీకెలా అర్థమైందో చెప్పు. దాంతో నువ్వు వాదిస్తున్న విషయం ఎలా బలపడిందో చూపించి, అప్పుడు ముందుకు నడువు. ఇవి చెప్పలేకపోతే అది ఎంత గొప్పవాళ్లదైనా తీసెయ్.”

అక్కడే కూర్చుని తొమ్మిదింటినీ ఒక్కొక్కటే అడిగాను. ఏడింటికి, “బాగుందని పెట్టానండి” అన్నదే జవాబు. ఏడూ కొట్టేసింది. ఒకదాన్ని కొట్టేటప్పుడు మాత్రం కలం ఆగింది, చాలా అందమైన పద్యపాదం అది. కొట్టెయ్యమని నేను బతిమాలాల్సి వచ్చింది.

మూడో వ్యాసంలో రెండే ఉన్నాయి. తల్లి నాట్ల గురించి నాలుగు వాక్యాలు రాసి, ఆ బైబిలు వాక్యాన్ని పరిచయం చేసి, అది తన తల్లి పనికి ఎలా అన్వయిస్తుందో చెప్పి, అక్కడి నుంచి ‘గౌరవమంటే పొగడటం కాదు, పని చేసిందెవరో అడగటం’ అనే తన వాదనకు వచ్చింది. పద్నాలుగు వేశాను. మార్జిన్‌లో ఒంటి మాటలు మానేసి నిండు వాక్యాలు రాశాను. నా చేతిరాత అంత కుదురుగా ఉండటం అదే మొదటిసారి.

ఆ తర్వాత తొంభైలంతా ఎన్ని కట్టలు దిద్దానో లెక్కలేదు. మధ్యలో పడిన కొటేషన్ కనిపించినప్పుడల్లా మొదట ఒళ్లు మండేది, అది నా స్వభావం. కానీ మార్కు వేసేముందు, ‘దీన్ని ఇక్కడెందుకు తెచ్చావు? నీ మాటల్లో చెప్పు’ అని రాసేదాన్ని. నాకు దిద్దడం నేర్పింది ఆ అమ్మాయే. ఈ మాట ఆ రోజుల్లో తనకు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

ఆ ఏడు అక్టోబరు పరీక్షలో పల్లెల్లో ఆడవాళ్ల పని మీద వ్యాసం అడిగారు. ఫలితాలు వచ్చిన మర్నాడు ఆ అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని కాలేజీకి వచ్చింది. పాసయింది, బాపట్ల దరఖాస్తు కూడా నింపి తెచ్చింది. ఉతికిన చీర కట్టుకున్న ఆ తల్లి, కుర్చీ చూపించినా కూర్చోకుండా గోడ పక్కనే నిలబడింది.

“మేడంగారండీ, పరీక్షలో నా గురించి రాసిందంటండి. నేను నాట్లేసే సంగతి.”

“అవునమ్మా.”

“నేనెవరో ఎరగని ఆయనెవరో అదంతా చదివాడంటారా?”

“చదివే కదమ్మా మార్కులేసింది.”

ఆమె కూతురి వంక చూసి, మళ్లీ నా వంక చూసింది. “అయితే నాటిందెవరో ఒకళ్లకి తెలిసిందన్నమాట” అంది.

“ఒకళ్లకి కాదమ్మా, ఇద్దరికి” అన్నాను.