పసుపు పడ్డ కార్డు

మీరే చెప్పండి, లోపల లేని మనిషి లోపల పడి ఎలా చనిపోతాడు? మా సిమెంటు ప్లాంటువాళ్లు ధనమ్మకు చెప్పింది మాత్రం అదే. ఆమె భర్త పున్నయ్య ఆ శనివారం సాయంత్రం డ్యూటీలోనే లేడట.

పున్నయ్యది గురజాల. నాతోపాటే లారీలకు బస్తాలెత్తే కాంట్రాక్టు కూలీ. ఒళ్లంతా సిమెంటు దుమ్ము, నవ్వితే పళ్లొక్కటే కనపడేవి. వీధిలో ఎవరు ఏ పని చెప్పినా కాదనడు.

ఫోన్లో మన పని గంటలు చూపే యాప్ వచ్చినప్పుడు అందరికన్నా ఎక్కువ సంబరపడింది అతనే. గేటు దగ్గర కార్డు గీకినప్పుడల్లా లెక్క కలుస్తుంది. ఓటీతో సహా వారానికి అరవై గంటలు దాటకూడదు. యాభై నాలుగు నిండగానే మనకూ సూపర్‌వైజర్‌కూ పసుపు రంగు హెచ్చరిక వస్తుంది. అరవై అయితే గేటు కార్డే తీసుకోదు.

"సత్తారూ, నాకు పసుపు రాశార్రోయ్! పెళ్లికొడుకుని, రేపింక లేపమాకండి" అనేవాడు నాతో. మర్నాడు సెలవు తీసుకునేవాడు.

ఆ శనివారం కూడా పసుపు పడింది. బయట లారీలు బారులు తీరి ఉన్నాయి, తెల్లార్లూ ఎత్తాలి, కార్డులో మిగిలిన ఆరు గంటలు చాలవు. సూపర్‌వైజర్ నవీన్ వచ్చాడు.

"బాబాయ్, నీ కార్డు గీకి బయటికి పో. రాజీవ్ కార్డుతో మళ్లీ లోపలికి రా."

రాజీవ్ పున్నయ్య అన్న కొడుకు. గురువారం దాకా పనిచేసి, కార్డు నవీన్‌కిచ్చి సెలవు పెట్టాడు.

"ఏందయ్యా, కళ్లు మూసుకుపోతన్నయి."

"అయితే సోమారం నించి గేటు కాడికి రామాక."

వెళ్లాడు, వచ్చాడు. చీకటి పడక ముందే లారీ మీద బస్తాల పైనుంచి తల కిందుగా పడ్డాడు. నరసరావుపేట ఆస్పత్రికి చేరకుండానే ప్రాణం పోయింది.

మర్నాడు పాడె కడుతుంటే రాజీవ్ ఫోను మోగింది. పసుపు హెచ్చరిక. ఆ కార్డు బయటికి గీకినవాళ్లు లేరు కదా, రాత్రంతా గంటలు కలుస్తూనే ఉన్నాయి.

"పిన్నీ, బాబాయ్ ఇంకా డ్యూటీలోనే ఉన్నాడే!" అంటూ ఏడ్చాడు వాడు.

"అది పట్టుకొని ఆఫీసు కాడికి పదరా. మీ బాబాయ్ లోపలే పడ్డాడని చెప్పు" అంది ధనమ్మ.

నేనూ వెళ్లాను. కళ్లారా చూశానని చెప్పాను. నవీన్ నా ముఖం కూడా చూడలేదు.

"కార్డు ఇంకోడికిస్తే ముందు ఊడేది నీ ఉద్యోగమే రాజీవూ. నిన్న లోపల ఎవరున్నారు? నువ్వా, మీ బాబాయా?"

రాజీవ్ పిన్ని వైపు చూడలేకపోయాడు.

"నేనే ఉన్నా" అన్నాడు.

ధనమ్మ వాణ్ణి తిట్టలేదు. కొంగు దులుపుకుని బయటికి నడిచింది.

పోయిన వారం పున్నయ్య మా ఆవిడ జైనాబ్ బీ దగ్గర మిక్సీ జారు తీసుకున్నాడు, పసుపు పడిన మర్నాడు పిడుగురాళ్లలో బ్లేడు వేయించుకొస్తానని. జారు ఇంకా అతని సైకిలు హ్యాండిలుకే వేలాడుతోంది.