చెమ్మ గోడకు తీసిన ఫోటోలు

కొల్లేరు పక్కనున్న మా ఇంటి గోడ చెమ్మకు పెచ్చులూడుతోంది. వానలకు ముందే చెమ్మను ఆపే మందు ఎంచుకోవాలని రెండు రకాలు తెచ్చి చెరో పక్క పూసి, ముందూ తర్వాతా ఫోటోలు తీశాను. ఎడమవైపు మందు అద్భుతంగా కనిపించింది. అదే కొందామన్నాను.

మా ఆవిడ ఫోన్ అందుకుంది. "ఏవండీ, కుడివైపుకి రెండుసార్లూ కిటికీ వెలుగులో పక్కనుంచి తీశారు. ఎడమవైపు రెండోసారి ఎదురుగా నిలబడి ఫ్లాష్ కొట్టారు. అలా తీస్తే మీ మొహం కూడా నున్నగానే వస్తుందండీ."

మర్నాడు ఫ్లాష్ ఆపేసి, అదే వేళకు, అదే చోటునుంచి రెండువైపులా తీశాను. ఎడమవైపు బొబ్బలన్నీ ప్రత్యక్షమయ్యాయి. కుడివైపు మందే కొన్నాం. నా మాటే నెగ్గివుంటే, ఈ వానల్లో ఫోటో ఒక్కటే పొడిగా ఉండేది.