ఎనిమిదికి నల్ల కళ్ళద్దాలు

ఆ బొమ్మలు పెట్టమని నన్నెవరూ అడగలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ కాస్త బరువు తగ్గుతుంది.

అప్పట్లో నేను భీమవరంలో రొయ్యల చెరువులున్న ఒక కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ పని చేసేదాన్ని. ఊళ్ళో ఆఫీసు, దాని కింద అంతస్తులో నీటి పరీక్షల ల్యాబు, పది కిలోమీటర్ల అవతల చెరువుల గట్టు మీద ఒక షెడ్డు. ల్యాబు వాళ్ళు రోజూ షెడ్డుకి ఫోన్ చేసి నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పేవారు. లైను దొరికేది కాదు, దొరికినా సగం మాటలు వినిపించేవి కావు. దాంతో మూడు చోట్లా కనిపించేలా ఒక సందేశాల పేజీ నేనే రాసిపెట్టాను. యజమాని గారు చూసి, "పర్లేదే, పని వచ్చు నీకు" అన్నారు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెప్పు ఎవరూ వినలేదు. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ ఊపులోనే బొమ్మలు పెట్టాను. రెండు చుక్కలు, మధ్యలో ఒక పేరు, మళ్ళీ రెండు చుక్కలు. :royya: అని కొడితే రొయ్య, :navvu: అని కొడితే నవ్వే మొహం. నిజానికి లోపల జరిగేది చాలా చిన్న సంగతి. మనం కొట్టిన అక్షరాలు కొట్టినట్టే దాచి ఉంటాయి. పేజీ తెరిచినప్పుడు మాత్రం నేను రాసిన జాబితాలోని గుర్తు ఎక్కడ కనబడితే అక్కడ దాన్ని తీసేసి ఆ చోట బొమ్మ చూపిస్తుంది. అంతే. ల్యాబు మేడం గారైతే సంబరపడిపోయి ప్రతి సందేశానికీ ఒక రొయ్యను అంటించేవారు.

నేను అక్కడితో ఆగితే బాగుండేది. ఇంటర్నెట్ సెంటర్లలో చాటింగు అలవాటైన వాళ్ళు కొట్టే పొట్టి గుర్తులు కూడా చేర్చాను. ఎనిమిది అంకె, పక్కనే బ్రాకెట్టు ముగింపు, అంటే 8) అని కొడితే నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నవ్వే మొహం. చూడ్డానికి భలే ఉండేది.

అది చేర్చిన నాలుగో రోజు పొద్దున్నే ఫోన్ మోగింది. అవతల చెరువుల సూపర్‌వైజర్ గారు. మా నాన్న వయసు మనిషి, ఎప్పుడూ గొంతు పెంచి ఎరగరు. ఆ రోజు హలో కూడా అనలేదు.

"అమ్మా, రెండో చెరువు పోయిందమ్మా. రొయ్యలన్నీ గట్టుకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఏరేటర్లు ఇప్పుడేశాం గానీ సగం పైన పోయినట్టే. ల్యాబ్ వాళ్ళేమో బాగుందని పెట్టారు కదమ్మా నిన్న!"

మూడు రోజులుగా మబ్బు. అలాంటప్పుడు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుందని అందరికీ తెలుసు. రీడింగు నాలుగు కన్నా తగ్గితే రాత్రంతా ఏరేటర్లు తిప్పి నీళ్ళు చిలకాలి, బాగుంటే డీజిల్ తగలెయ్యకూడదు. అది యజమాని గారి కట్టడి.

ఫోన్ పెట్టేసి పేజీ తెరిచాను. మా ల్యాబులో ఒక పద్ధతి ఉంది. మొదట ముందు రోజు అంకె వేసి, పక్కన బ్రాకెట్లో ఆ రోజు అంకె వేస్తారు. రెండో చెరువు ఎదురుగా 5.2 అని ఉంది. దాని పక్కన బ్రాకెట్టు తెరిచి, రెండు, ఒక చుక్క. ఆపైన నల్ల కళ్ళద్దాల మొహం, పళ్ళన్నీ బయటపెట్టి.

మేడం గారు కొట్టింది (2.8). ఆ చివరి ఎనిమిదినీ బ్రాకెట్టునీ నా పేజీ మింగేసి బొమ్మ పెట్టింది. రెండు చుక్కల మధ్య పేరు పెడితే ఏ లెక్కల్లోనూ పొరపాటున దొర్లదు. ఎనిమిది పక్కన బ్రాకెట్టు మాత్రం ఎక్కడైనా వస్తుంది. ఆ మాత్రం ఆలోచించలేదు, పొగరుబోతు మొహాన్ని.

అప్పుడు నేను చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరికీ చెప్పలేదు. జాబితాలోంచి ఆ ఒక్క లైను తీసేసి, పేజీ మళ్ళీ తెరిచాను. అక్షరాలు దాచినవి దాచినట్టే ఉన్నాయి కదా, 5.2 (2.8) అని శుభ్రంగా వచ్చేసింది. అమ్మయ్య అనుకున్నాను. ఎంత సిగ్గులేని అమ్మయ్యో!

పది గంటలకి యజమాని గారు వచ్చారు. వెనకాలే రిజిస్టరు పట్టుకుని మేడం గారు, బురద కాళ్ళతో సూపర్‌వైజర్ గారు. రిజిస్టర్లో 2.8. యజమాని గారు నా పక్కన నిలబడి స్క్రీన్ చూశారు. అక్కడా 2.8.

"ఏమండీ, ఇంత స్పష్టంగా ఉంది. మీకేం కనబడిందండీ?" అన్నారు సూపర్‌వైజర్ గారితో.

"అంకె పూర్తిగా లేదండి. కళ్ళద్దాల బొమ్మ ఉందండి. నవ్వుతున్న బొమ్మ. సరే, మేడం గారు భయం లేదంటున్నారనుకున్నానండి."

"నేనా? నేను ఆ చెరువుకి బొమ్మే పెట్టలేదండీ!" అన్నారు మేడం గారు.

"ఒట్టండి. కళ్ళారా చూశానండి. తర్వాత కరెంటు పోయి కంప్యూటర్ ఆగిపోయిందండి."

"నిన్న ఏమైనా పుచ్చుకున్నారా?" అన్నారు యజమాని గారు.

సూపర్‌వైజర్ గారు తాగరని అందరికీ తెలుసు. ఆయన స్క్రీన్ దగ్గరకంటా వంగి, ఆ అంకెను వేలితో తడిమి చూశారు. "లెక్కలు అప్పజెప్పేసి వెళ్ళండి. రేపట్నుంచి రావద్దు" అన్నారు యజమాని గారు.

నేను చేసిన తప్పు మీద దుప్పటి కప్పితే, ఆ దుప్పటి ఈయన మీద పడింది. చెబితే ఉద్యోగం పోయేది నాది. నోటితో చెప్పే ధైర్యం రాక చేతుల్ని పనిలో పెట్టాను. జాబితా తెరిచి, తీసేసిన లైను మళ్ళీ కొట్టాను. రెండుసార్లు తప్పు కొట్టాను. సేవ్ చేసి పేజీ తెరిచాను.

2.8లో ఎనిమిది పోయింది. నల్ల కళ్ళద్దాల మొహం నలుగురినీ చూసి ఇకిలించింది.

"ఇదేనండి," అన్నారు సూపర్‌వైజర్ గారు మెల్లిగా. "ఇదే బొమ్మండి."

అప్పుడు చెప్పాను. పొద్దున చూసిందీ, తీసేసిందీ, అన్నీ. యజమాని గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఎందుకు తీసేశావ్?" అన్నారు.

"భయమేసిందండి."

"ఆయనకి వెయ్యలేదూ భయం?" అని లేచి, సూపర్‌వైజర్ గారి వైపు తిరిగి, "మీరు చెరువు దగ్గరికి పదండి, నేనూ వస్తాను" అన్నారు. నన్ను ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. ఆ సాయంత్రం లోపల రొయ్యతో సహా బొమ్మలన్నీ తీసిపారేశాను.

అంతకు ముందు, వాళ్ళు చెరువుకి బయల్దేరుతుంటే మెట్ల దగ్గర సూపర్‌వైజర్ గారిని ఆపి, "క్షమించండి బాబాయ్ గారూ" అన్నాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. ఆయన చెప్పులు వేసుకుంటూ తల ఎత్తకుండానే అన్నారు.

"చెరువు సంగతి సర్లేమ్మా. ఇందాక ఆ అంకె చూశాక, నేను నిజంగా బొమ్మ చూశానా లేదా అని నాకే అనుమానం వచ్చేసిందమ్మా."