బిల్లు లేని పద్దెనిమిది వందల అరవై

ఆదివారాలు మా మందుల దుకాణం మధ్యాహ్నం రెండింటికే మూసేస్తాం. కరీంనగర్‌లో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రికి ఎదురుగా ఉంటుంది. మందులు తీసిచ్చేది మా సేటు. కౌంటర్ దగ్గర బిల్లు కొట్టి డబ్బు తీసుకునేది నేను. ఆ పనిలో చేరి చాలా ఏళ్లయింది. షట్టర్ సగం దించి రోజు లెక్క చూసుకోవడం అప్పటి నుంచీ నా పనే.

లెక్క కష్టమైనదేం కాదు. నగదు ఎంత, యూపీఐ ఎంత, కార్డు ఎంత అని కంప్యూటర్ ఆ రోజు బిల్లులన్నీ విడగొట్టి చూపిస్తుంది. పొద్దున చిల్లర కోసం పెట్టిన డబ్బుకు నగదు బిల్లులు కలిపి, చాయ్‌కి, ఆటోకి ఇచ్చింది తీసేస్తే గల్లాలో ఉండాల్సింది తేలుతుంది. యూపీఐది ఫోన్‌లో దుకాణం యాప్ తెరిచి చూసుకోవాలి. మామూలుగా వచ్చే తప్పు ఒకటే. ఫోన్‌తో కట్టిన బిల్లును తొందరలో నగదు కింద కొట్టేస్తాను. అప్పుడు గల్లాలో ఎంత తగ్గుతుందో యాప్‌లో అంతే పెరుగుతుంది. ఆ బిల్లు వెతికి పట్టుకుంటే సరిపోతుంది.

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం అలా జరగలేదు. గల్లా రూపాయి తేడా లేకుండా సరిపోయింది. కార్డు సరిపోయింది. యాప్‌లో మాత్రం పద్దెనిమిది వందల అరవై రూపాయలు ఎక్కువ ఉన్నాయి. బిల్లులన్నీ రెండుసార్లు చూశాను. అంత మొత్తానికి ఒక్క బిల్లూ లేదు.

"ఎక్కువనే గదా అచ్చింది, తక్కువైతే ఫికర్ చెయ్యాలె" అన్నాడు సేటు తాళాలు తీస్తూ.

నేను యాప్‌లో ఒక్కో పద్దూ కిందికి జరుపుతూ పోయాను. పదకొండు దాటాక వచ్చిన ఒక చెల్లింపు దగ్గర వేలు ఆగింది. పంపినవారి పేరు గుర్తుపట్టాను. అంతకు అరగంట ముందు ఆ పేరు మీద బిల్లు కొట్టింది నేనే.

ఉట్నూర్ అవతలి నుంచి వచ్చిన మనిషి. వాళ్ల అవ్వకు గుండె జబ్బు, ఆ పొద్దునే డిశ్చార్జ్ అయింది. రక్తం గడ్డకట్టకుండా వేసే గోలీలు, ఇంకో రెండు రకాలు, పదిహేను రోజులకు రాసి ఉన్నాయి. బిల్లు పద్దెనిమిది వందల అరవై అయింది. ఆయన ఫోన్‌తో స్కాన్ చేశాడు. డబ్బు వస్తే గట్టిగా చెప్పాల్సిన మా స్పీకర్ డబ్బా పలకలేదు.

"పైసలు కట్ అయినయ్ అక్కా. గిదో, బ్యాంకు మెసేజ్ గూడ అచ్చింది."

"మాకు రాలే."

"జర ఆగి సూడుండ్రి. సిగ్నల్ లేదో ఏమో."

వెనక ఆరేడుగురు నిలబడి ఉన్నారు. అంతకు ముందు ఒకడు దొంగ స్క్రీన్‌షాట్ చూపించి మందులు పట్టుకుపోతే ఆ డబ్బు నా జీతంలో పోయింది. ఆ మంట నాలో ఇంకా ఆరలేదు.

"గిట్ల ఫోన్లు చూపెట్టెటోళ్లను రోజు చూస్తున్న. డబ్బా పలికితేనే మందులు. లేకుంటే పక్కకు జరుగు" అన్నాను అందరికీ వినపడేలా.

ఆయన జేబులోంచి మడత నోట్లు తీసి లెక్కపెట్టుకున్నాడు. బస్సు కిరాయి పక్కన పెట్టుకుని, "అయిదు దినాలకే ఇయ్యుండ్రి" అన్నాడు. అదే బిల్లు తెరిచి గోలీలు తగ్గించాను. యూపీఐ తీసేసి నగదు అని పెట్టి, ఆరు వందల ఇరవై తీసుకున్నాను. అందుకే నాకు పాత మొత్తం ఎక్కడా కనిపించలేదు. ఎక్కడో చిక్కుకున్న ఆయన డబ్బు తర్వాత వచ్చింది. డబ్బా పలికే ఉంటుంది. ఆ రద్దీలో నేనే వినలేదు.

సేటుకు అంతా చెప్పాను. ఆయన తాళాలు మళ్లీ టేబుల్ మీద పెట్టాడు.

"మొదలు ఫోన్ చెయ్ బేటీ. లెక్క తర్వాత చూద్దాం."

బిల్లు మీద నంబరు ఉంది. ఫోన్ కలవలేదు. ఆ సాయంత్రం చర్చిలో ఆడవాళ్ల కూడికకు వెళ్లాను గానీ అందరూ ప్రార్థన చేస్తుంటే నేను ఒళ్లో ఫోన్ పెట్టుకుని అదే నంబరు నొక్కుతూ కూర్చున్నాను. సోమవారమూ కలవలేదు. ఆసుపత్రిలో అడిగితే వాళ్ల దగ్గరా అదే నంబరు. మంగళవారం పొద్దున ఎత్తాడు. నేనెవరో చెప్పాను.

"మీ పైసలు అచ్చినయి. తప్పు నాది" అన్నాను. "అవ్వకు గోలీలు వేస్తున్నరా?"

"ఏస్తున్న అక్కా. రోజు ఇడిసి రోజు ఏస్తున్న. పది దినాలన్న అస్తయని."

"వద్దు, రోజు వెయ్యుండ్రి, ఇప్పుడే వెయ్యుండ్రి, మిగిలినయి నేను తెస్తున్న" అన్నాను. ఫోన్ సేటు తీసుకుని, ఊరి దగ్గరి సర్కారు దవాఖానాలో ఒకసారి చూపించమని, డాక్టరును అడగకుండా రెండు గోలీలు ఒకేసారి వెయ్యొద్దని చెప్పాడు. మిగతా పది రోజుల మందులకు పన్నెండు వందల నలభైకి కొత్త బిల్లు కొట్టాం. మిగిలిన ఆరు వందల ఇరవై యాప్‌లోంచే ఆయన ఖాతాకు వాపస్ చేశాం. లెక్క సరిపోయింది.

పార్శిల్ వేస్తే సరిపోతుందన్నాడు సేటు. నాకు మనసొప్పలేదు. బస్సులు మారి ఉట్నూర్ వెళ్లాను. ఆయన జీపులో వచ్చి బస్టాండులో నిలబడి ఉన్నాడు. సంచీ ఇచ్చి, దవాఖానాకు పోయారా అని అడిగాను. పోయామని, ఏమీ కాలేదన్నారని చెప్పాడు. నాకు కొంచెం ఊపిరాడింది. పోవడానికి తిరిగాను.

"ఒక్క మాట అక్కా" అన్నాడు. "ఆ దినం లైన్ల మా ఊరాయన గూడ ఉండె. దొంగ ఫోను చూపెట్టి మందులు అడిగిండని ఊర్లె చెప్పిండు. మా అవ్వ చెవుల గూడ పడ్డది."

ఇది నా లెక్కలో లేదు. ఆ ఊరాయనకు ఫోన్ కలపమన్నాను. కలిపి స్పీకర్ పెట్టాడు. నేను దుకాణం పేరు చెప్పి, డబ్బు నిజంగానే వచ్చిందని, పొరపాటు నాదని, ఈయన అబద్ధం ఆడలేదని చెప్పాను.

"అట్లనా? గా ముచ్చట నేనెప్పుడో మర్శిన" అని అవతలాయన నవ్వాడు.

"నువ్వు మర్శినవ్, ఊరు మర్వలే" అన్నాడు ఈయన, నెమ్మదిగానే.

అవతలాయన నవ్వు ఆపి, నలుగురిలో చెప్తానన్నాడు. చెప్పాడో లేదో నాకు తెలియదు. ఈయన నన్ను ఒక్క మాట అనలేదు. చాయ్ తాగి పొమ్మని అడిగాడు, తాగలేకపోయాను. తిరుగు బస్సు ఎక్కేదాకా అక్కడే నిలబడ్డాడు.

ఇప్పుడు ఎవరైనా డబ్బు కట్ అయిందంటే డబ్బా కోసం చూడను. యాప్ తెరుస్తాను, అప్పటికీ రాకపోతే నంబరు రాసుకుని ఒకటి రెండు రోజుల మందులైనా ఇస్తాను. సేటు ఒప్పుకున్నాడు. ఆ ఉట్నూర్ మనిషి మాత్రం మళ్లీ మా దుకాణానికి రాలేదు. అవ్వను చూపించడానికి ఎదురుగా ఉన్న ఆసుపత్రికి వస్తూనే ఉన్నాడని అక్కడి నర్సు చెప్పింది. మందులు ఎక్కడ కొంటున్నాడో నేను అడగలేదు.