గడ్డి ఆరేదాకా ఆగిన హెట్టీ

ఇంగ్లండ్‌లోని లూటన్ ఊళ్లో, టోపీల వీధిలో హెట్టీ గర్నీకి నోరు పెద్దదని పేరు. కెంప్సన్ గారి కార్ఖానాలో ఏళ్ల తరబడి టోపీలకు రిబ్బన్లు కుట్టింది గానీ, ఆమె మనసంతా అచ్చుల గదిలోనే ఉండేది. గడ్డి టోపీని చెక్క అచ్చు మీద సాగదీసి రూపం తెచ్చే ఆ పని ఆడవాళ్లకు ఇచ్చేవారు కాదు. అక్కడ రాజ్యం ఆల్బన్ థరోగుడ్‌ది. పనిమంతుడే, కాదనలేం. మర్యాద మాత్రం మచ్చుకైనా లేదు.

"నీ చేతులకు రిబ్బన్ ముడులు చాల్లేమ్మా!" అనేవాడు.

"మీ వంకర్లు దాచేది ఆ ముడులే కదండీ!" అనేది హెట్టీ.

ఆ రోజు లండన్ దుకాణం తరఫున మిసెస్ ఓర్డ్ కొత్త టోపీ చూడ్డానికి వస్తోంది. థరోగుడ్ తొందరపడ్డాడు. తేమ ఆరకుండానే టోపీని అచ్చు మీంచి తీసి, వెడల్పాటి అంచుకు తీగ కుట్టించాడు. మధ్యాహ్నానికి గడ్డి ఆరి ముడుచుకుంది. తీగ ముడుచుకోదు కదా! అంచంతా అలలు తిరిగింది. కెంప్సన్ గారు తల పట్టుకున్నారు.

"నాకివ్వండి," అంది హెట్టీ. "కుదరకపోతే ఈ జన్మలో అచ్చుల మాటెత్తను."

"చెయ్యి కాల్చుకుంటావ్, పో!" అన్నాడు థరోగుడ్.

"కాలేది నా చెయ్యి. మీకేంటి నొప్పి?"

తీగ విప్పేసింది. టోపీని ఆవిరి పట్టి మెత్తబరిచి, అచ్చు మీదికి లాగి, నెత్తి భాగం కింద తాడు బిగించింది. అంచు చుట్టూ సూదులు గుచ్చి, వెచ్చటి ఆరబెట్టే బీరువాలో పెట్టింది. ఈలోగా టోపీ లోపల కుట్టే చెమట పట్టీని తలకు సరిపడా వంపు తిరిగేలా ఇస్త్రీ చేసింది. అంతలో మిసెస్ ఓర్డ్ కారు గుమ్మం ముందు ఆగింది.

"తియ్యి, తియ్యి!" అన్నారు కెంప్సన్ గారు.

హెట్టీ అంచుకు చెంప ఆనించి చూసింది. "ఇంకా చల్లగా ఉందండీ, తడి ఆరలేదు. ఆవిడకు టీ ఇవ్వండి."

"ఇచ్చాం!"

"మళ్లీ ఇవ్వండి!"

హెట్టీకీ భయమే, కానీ కదల్లేదు. గడ్డి పూర్తిగా ఆరాకే టోపీని తీసింది. చుట్టగా ఉన్న తీగను బొటనవేలితో దువ్వి దాని మొండితనం పోగొట్టి, దాని కొసలకు వెనక వైపు అతుకు వేసింది. తోటి ఆడవాళ్లు పిలవకుండానే వచ్చి, ఒకరు అంచుకు తీగ, ఒకరు పట్టీ, ఒకరు నీలం రిబ్బన్ కుట్టారు.

మిసెస్ ఓర్డ్ టోపీని బల్ల మీద పెట్టి కళ్లు చికిలించి చూసింది. తలకు పెట్టుకుంది. అద్దం ముందు నుంచి కదలదే!

"ఎవరు అచ్చు వేశారు?"

కెంప్సన్ గారు నసిగారు. "నేనే!" అంది హెట్టీ. కుట్టుగదంతా కత్తెరలతో బల్లలు మోగించింది.

"మొత్తం సరుకు ఈ చేతి మీదుగానే తయారు కావాలి," అంది మిసెస్ ఓర్డ్.

"అయితే హెట్టీ, రేపట్నుంచి..." అన్నారు కెంప్సన్ గారు.

"రేపెందుకండీ? అచ్చు ఇంకా వెచ్చగానే ఉంది," అంటూ హెట్టీ గౌను చేతులు పైకి మడుచుకుని అచ్చుల గదిలోకి నడిచింది. థరోగుడ్ బల్ల దగ్గర పక్కకు జరిగి చోటిచ్చాడు.