పడమటి గాలిని నమ్మి వదులుకున్న తడి

ఈరోజు పొద్దున ఫోనులో మా బావకి తప్పు చెప్పాను. తెలియక చెప్పిన తప్పయితే నా మీద నాకు ఇంత కోపం వచ్చేది కాదు. ఏటా పిల్లలకి పాఠంగా చెప్పే సంగతికి సరిగ్గా అడ్డంగా చెప్పాను.

నేను నందిగామలో హైస్కూలు సోషల్ మాస్టారిని. మా అక్కా బావా చిల్లకల్లు దగ్గర పత్తి వేశారు. తొలకరిలో పడిన ఒక్క వానకి గింజ మొలిచింది. ఆ తరవాత చినుకు లేదు. ఆదివారం చర్చిలో వాన కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశాం. బయటికి రాగానే కళ్లలో దుమ్ము పడింది. నాలుగాకుల మొక్కలు మధ్యాహ్నానికి తలలు వేలాడేస్తున్నాయని అక్క రోజూ చెబుతూనే ఉంది.

వాళ్ల చేలో బోరు లేదు. పక్క చేను పెద్దాయనకి ఉంది. వానలు మొహం చాటేసినప్పుడు ఆయన చుట్టుపక్కల చేలకి వంతుల మీద ఒక్కో తడి నీళ్లు ఇస్తాడు. దానికో కట్టుబాటుంది: వంతు వచ్చినప్పుడు వద్దన్నవాడు మళ్లీ అందరి వెనకా నిలబడాలి. ఈరోజు వంతు బావది.

"మాస్టారూ, టీవీ చూశావా?" అన్నాడు బావ. నన్ను వెక్కిరించాలన్నా, సలహా అడగాలన్నా ఆయనకి అదే పిలుపు. "బొంబాయి వైపు కొండల్లో ఒకటే వానంట. రోడ్లు కొట్టుకుపోతన్నాయి. మనకి గాలి కూడా అటునించే కొడతంది. ఇయ్యాల తడి పెట్టమంటావా, ఆగమంటావా?"

"ఆగు బావా. అక్కడ అంత కురుస్తుంటే రెండ్రోజుల్లో మనకి రాకుండా ఎక్కడికి పోద్ది? ఇప్పుడు తడి పెట్టాక పైన వాన పడిందనుకో, నల్లరేగడి కదా, నీళ్లు నిలిచి మొక్క పసుపెక్కుద్ది."

"అంతేనంటావా?"

"అంతే. నేను చెబుతున్నాగా."

"సరే. నీ మాట మీద వద్దని చెప్పేస్తా."

ఇస్త్రీ చేసుకుంటూ, చొక్కా కాలరు మీద సగం దృష్టి పెట్టి చెప్పిన మాట అది. నాకంటే పెద్దవాడైన బావ నన్ను అడిగాడన్న సంబరం ఒకటి. ఎవరైనా అడిగితే చాలు, తెలిసినా తెలియకపోయినా ధీమాగా చెప్పేస్తాను. ఈ జబ్బు నాకు ఉద్యోగంతో వచ్చింది.

మధ్యాహ్నం భోజనాలకి ముందు పీరియడులో శీతోష్ణస్థితి పాఠం. బోర్డు మీద ఎడమ పక్కన సముద్రం గీశాను, దాన్ని ఆనుకుని నిటారుగా పడమటి కనుమలు గీశాను. ఎప్పటిలాగే చెప్పుకుంటూ పోయాను. సముద్రం మీంచి తేమతో వచ్చిన గాలికి కొండ అడ్డు పడుతుంది. గాలి పైకెక్కుతుంది. ఎక్కే కొద్దీ చల్లబడుతుంది, అందులోని ఆవిరి మబ్బు కట్టి ఆ వాలు మీదే కురుస్తుంది. కొండ దాటిన గాలి అవతలి వైపు దిగుతుంది. దిగే కొద్దీ ఒత్తిడికి వేడెక్కుతుంది, మిగిలిన మబ్బు కూడా అందులో కరిగిపోతుంది. ఆ అవతలి వైపునే వర్షచ్ఛాయా ప్రాంతం అంటారు.

బాణం గుర్తుని కొండ దిగించి, పీఠభూమి మీదుగా కుడి వైపు లాక్కుంటూ వచ్చాను. మన జిల్లా దాకా వచ్చేసరికి చేయి ఆగిపోయింది.

అక్కడ కురుస్తున్నది మనకి రాబోయే వాన కాదు. దారిలోనే ఖర్చయిపోయిన వాన. పడమటి గాలి ఎంత బలంగా కొడితే కొండ ఆ వైపు అంత కురుస్తుంది, ఈ వైపుకి అంత పొడిగా వస్తుంది. మనం అనంతపురం వాళ్లంత నీడలో లేమన్నది నిజమే. మనకి సముద్రం తూర్పున దగ్గర. కానీ మనకి గట్టి వాన పడాలంటే ఎక్కువగా ఆ బంగాళాఖాతంలోనే అల్పపీడనం పుట్టాలి. అలాంటిదేమీ లేదని పొద్దున అదే టీవీలో చెప్పారు. వరదలు చూస్తూ ఆ ముక్క వదిలేశాను. కనుమల్లో పడిన నీళ్లలో కొన్ని మన దాకా వస్తాయి, కానీ కృష్ణలోంచి వస్తాయి, అదీ పైన డ్యాములు నిండాక. వేదాద్రి దగ్గర నది నిండితే బావ చేలో మొక్కకి ఒరిగేదేముంది?

కిటికీలోంచి వస్తున్న గాలికి గోడ మీది భారతదేశ పటం టపటపా కొట్టుకుంటోంది. పిల్లల్ని పటం గీసుకోమని చెప్పి బావకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. హెడ్మాస్టరుగారిని అడిగి పూట సెలవు పెట్టి బండి తీశాను.

హైవే మీద దారి పొడుగునా ఆ గాలి మొహానికే కొట్టింది. పొయ్యి ముందు కూచున్నట్టు వేడి. చిన్న చిన్న మబ్బులు ఒక్కచోట ఆగకుండా తూర్పుకి పరిగెడుతున్నాయి. వాటిని చూసి పొద్దున నేను వానొస్తుందనుకున్నాను!

నేను వెళ్లేసరికి బోరు నీళ్లు అవతలి చేలోకి పారుతున్నాయి. పెద్దాయన గట్టు మీద పార పట్టుకుని ఉన్నాడు.

"బాబాయ్, వద్దని చెప్పించింది నేను. బావ తప్పేం లేదు. సాయంత్రం దాకా మాకు తిప్పండి."

"వానొస్తంది, నీళ్లొద్దన్నారంటగా మీరు?" అన్నాడు ఆకాశం వైపు చూపిస్తూ. "ఏదీ మరి? నేను వంతు తిప్పేసా అబ్బాయ్. నీకోసం మళ్లీ తిప్పితే రేపు నా మాట ఎవడు వింటాడు?"

"పోనీ రేపు?"

"వరస అయ్యాక. కాలవ తిప్పను. డ్రమ్ముల్లో పట్టుకుంటామంటే కాదనను."

ఆయన మీద కోపం వచ్చింది. కోపగించుకోవడానికి ఆయన చేసిన తప్పేమీ లేకపోవడంతో ఇంకా చిరాకు పుట్టింది. వరస తిరిగి వచ్చేదాకా ఆ మొక్కలు బతకవు.

బావ తన చేలో సాలు పక్కన గొంతుక్కూచుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"బావా, నేను తప్పు చెప్పా. ఈ గాలికి వాన రాదు."

"రాదా?"

"రాదు. ఆ సంగతి నాకు తెలుసు కూడా. ఆలోచించకుండా వాగా."

"తెలిసి చెప్పావా!" అన్నాడు. "తెలవనోడు చెప్పాడంటే సర్దుకుందును కదయ్యా."

అక్క మధ్యలోకి వచ్చింది. "పిల్లలు తప్పు రాస్తే మార్కులు కోస్తావుగా. నీకెన్ని కొయ్యాలి?"

"అన్నీ కొయ్యి అక్కా. ముందు డ్రమ్ములు ఎక్కడున్నాయో చెప్పు."

పురుగుమందు కలిపే డ్రమ్ములు పనికిరావంది. ఇంట్లో ఉన్న మంచినీళ్ల డ్రమ్మూ, పక్కింట్లో అడిగి తెచ్చిన క్యాన్లూ బండికి కట్టుకుని బోరు దగ్గరికీ చేనుకీ తిరిగాను. అక్క చెంబుతో మొక్కకింత పోస్తూ వచ్చింది. నేను ఒకసారి చెంబందుకుని ఎత్తునుంచి పోశాను. మట్టి కొట్టుకుపోయి వేరు బయటపడింది.

"కుమ్మరించకయ్యా, మొదట్లో మెల్లగా పొయ్యి," అన్నాడు బావ. వేరు మీదికి మట్టి లాగి అదిమాడు.

ఎన్ని మొక్కలకి పోసినా చేను అలాగే ఉంది. ముందు పోసిన చోట నేల పైన అప్పుడే తెల్లబడుతోంది, గాలికి. కొంతసేపటికి బావ చేతులు నడుం మీద పెట్టుకుని చేనంతా ఒకసారి చూశాడు.

"పై మడి వదిలేద్దాం. అది గులకనేల, ఎట్టాగూ నీళ్లు ఆగవు. కింద రేగడి వరకూ చూద్దాం."

అక్క చెంబు తీసుకుని కింది మడి వైపు నడిచింది. పై మడి విత్తడానికి తను ఎంత వంగిందో నాకు తెలుసు. నన్ను తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

బోరుకిచ్చే త్రీఫేజు కరెంటు పోయేసరికి కింది మడిలో సగం అయింది. రేపటికి కూడా సెలవు కావాలని హెడ్మాస్టరుగారికి ఫోన్ చేశాను. కారణం అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వారు, నవ్వనిచ్చాను. తరవాత ఖాళీ క్యాన్లన్నీ తీసుకెళ్లి బోరు గొట్టం పక్కన పెట్టి, పొద్దున కరెంటు రాగానే కేకెయ్యమని పెద్దాయనకి చెప్పి, ఈ రాత్రికి అక్క వాళ్లింట్లోనే ఉండిపోయాను.